రేణిగుంట గోడౌన్‌లో తక్కువ పడ్డ కుక్కర్లు

ప్రశ్న: తిరుపతి దగ్గర ఒక గోడౌన్‌లో నైట్ సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. ఎక్సెల్ షీట్‌లో స్టాక్ ఎప్పుడూ ఎక్కువ చూపిస్తుంది, ర్యాక్‌లో ఎంచితే తక్కువ వస్తుంది. రిటర్న్‌లు ఎక్కువ వచ్చిన నెలలో తేడా ఇంకా పెరుగుతోంది. ఏ రాత్రికి ఆ రాత్రి రిటర్న్‌లతో పోల్చి చూశాను, పొంతన కుదరలేదు. మేనేజర్ హమాలీల మీద అనుమానపడుతున్నారు. తప్పు ఫార్ములాలోనే ఉంటే ఎట్లా కనిపెట్టాలి?

జవాబు:

హమాలీలను ఇంకొక్క మాట అనకముందు మీ షీట్‌లో ఒక్కటి చూడండి. అంగళ్ల నుంచి వెనక్కి వచ్చిన సరుకు గేటు దగ్గర ఇన్‌వర్డ్‌లో ఎక్కుతోందా? ఎక్కుతుంటే, అదే సరుకును ఫార్ములా రిటర్న్ షీట్ నుంచి ఇంకోసారి తెచ్చి కలుపుతోందా? రెండింటికీ అవునని తేలితే మీ గోడౌన్‌లో దొంగతనం జరగకపోయినా షార్టేజ్ వస్తూనే ఉంటుంది. పోల్చినా పొంతన కుదరకపోవడానికి కారణం మీ డ్యూటీ రాత్రిపూట కావడమే. ఈ సంగతి రేణిగుంటలో ఒక గోడౌన్‌లో జరిగింది. ఆ సూపర్‌వైజర్ నాకు బాగా తెలిసినవాడు. ఆయన కథ చెబితే మీ షీట్‌లో ఎక్కడ వెతకాలో మీకే తెలుస్తుంది.

అది ఇంటి సామాన్ల గోడౌన్. కుక్కర్లు, మిక్సీలు, ఫ్యాన్లు, ఇస్త్రీ పెట్టెలు, వెట్ గ్రైండర్లు. కంపెనీ లోడ్లు చెన్నై వైపు నుంచి సాయంత్రం పూట వస్తాయి. పొద్దున వ్యాన్లు పుత్తూరు, నగరి, శ్రీకాళహస్తి, పాకాల వైపు పోయి అంగళ్లకు సరుకు వేసి, రాత్రి పదకొండు దాటాక వెనక్కి వస్తాయి. వస్తూ వస్తూ అంగళ్ల వాళ్లు వద్దన్న సరుకును తెస్తాయి. పెళ్లిళ్ల సీజన్ అయిపోయిందంటే ఈ వెనక్కి వచ్చే సరుకు బాగా పెరుగుతుంది.

లెక్కకు వాడే ఎక్సెల్ షీట్‌ను అంతకుముందున్న అకౌంటెంట్ చేసిపెట్టి వెళ్లాడు. నిన్నటి నిల్వకు ఈరోజు వచ్చినది కలిపి, రిటర్న్ కలిపి, పంపినది తీసేయాలి. ఫార్ములా ఇది:

```
=B2+SUMIFS(Inward!D:D,Inward!B:B,A2,Inward!A:A,$H$1)
   +SUMIFS(Returns!D:D,Returns!B:B,A2,Returns!A:A,$H$1)
   -SUMIFS(Dispatch!D:D,Dispatch!B:B,A2,Dispatch!A:A,$H$1)
```

A2లో ఐటమ్ కోడ్, B2లో నిన్నటి ముగింపు నిల్వ, H1లో తేదీ. రాసిన రోజున ఈ ఫార్ములాలో ఏ తప్పూ లేదు. అప్పట్లో Inward షీట్‌లో కంపెనీ లోడ్లు మాత్రమే ఎక్కేవి, రిటర్న్‌లు Returns షీట్‌లో మాత్రమే ఉండేవి. కొన్నాళ్లకు యాజమాన్యం ఒక రూల్ పెట్టింది. గేటు దాటి లోపలికి వచ్చిన ప్రతి పెట్టే ఇన్‌వర్డ్‌లో ఎక్కాల్సిందే, ఎక్కడి నుంచి వచ్చిందన్నది పక్క కాలమ్‌లో రాయాలి. కంపెనీ లోడ్ అయితే NEW, అంగడి నుంచి అయితే RTN. రూల్ మంచిదే, నేనైనా అదే పెట్టేవాణ్ణి. అయితే రూల్ మారిన రోజున ఫార్ములాను తెరిచి చూసినవాళ్లు లేరు. మొదటి SUMIFSకు NEW, RTN అన్న తేడా తెలియదు, ఆ కోడ్ ఉన్న వరుసలన్నీ కలిపేస్తుంది. రెండో SUMIFS అదే పెట్టెలను Returns నుంచి మళ్లీ కలుపుతుంది. ఎక్కడా ఎర్రర్ రాదు, ఏ సెల్‌లోనూ #REF! కనపడదు, మొత్తాలు కూడా నమ్మబుద్ధయ్యేలాగే ఉంటాయి.

నెలాఖరు ఎంచుడులో షార్టేజ్ మొదలైంది. మొదటి నెల కొద్దిగా, ఆపై నెల ఇంకాస్త. ప్రతి నెలా ఎంచినాక ఆ సంఖ్యనే కొత్త ఓపెనింగ్‌గా వేసుకునేవాళ్లు కాబట్టి షీట్ మళ్లీ సరిగ్గా మొదలయ్యేది, తేడా మళ్లీ సున్నా నుంచి పెరిగేది. చూసేవాళ్లకు అది ప్రతి నెలా కొత్తగా జరిగే దొంగతనంలా ఉండేది. షార్టేజ్ లిస్టు ఆఫీసుకు పోయేది, ఆ విలువను రాత్రి ముఠా హమాలీల కూలిలో పట్టుకునేవాళ్లు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. సరుకు పోయిందని ఒకరి కూలి కోయాలంటే, ఆ సరుకు ఆ మనిషికి అప్పజెప్పి ఉండాలి, పోవడానికి అతని నిర్లక్ష్యమే కారణమై ఉండాలి, కోయకముందు సంజాయిషీ చెప్పుకోవడానికి అవకాశం ఇవ్వాలి. వేతన చట్టం చెప్పేది ఇదే. షీట్‌లో ఒక అంకె ఎక్కువగా ఉందని ముఠా అందరి కూలీ కోయడం ఏ లెక్కన చూసినా అన్యాయం.

సూపర్‌వైజర్‌కు మనసు ఒప్పలేదు. రాత్రి మొత్తం కళ్లెదుటే పనిచేసే మనుషులు వాళ్లు. సంచులు వెతికించాడు, వెనక షట్టర్‌కు ఇంకో తాళం వేయించాడు, కెమెరా రికార్డింగ్ చూశాడు. ఏమీ దొరకలేదు. ఒక రాత్రి వ్యాన్ దించుతూ ముఠాలో పెద్దాయన అడిగాడు.

“సార్, ఒక మాట అడగల్నా? పోయినాయి పోయినాయి అంటాండారు గదా, గ్రైండర్ ఒక్కటన్నా పోయిందా?”

“గ్రైండర్ ఎత్తుకుపోయేదానికి ఇద్దరు కావాల, అదెట్ల పోతాది?”

“ఫ్యాను పెట్టె మాత్రం చంకలో పెట్టుకొని పోతారా ఎవురన్నా? అయినా ఫ్యాన్లు తక్కువ పడతాండాయి. ఇస్త్రీ పెట్టెలు ఫ్యాన్లకంటే చిన్నవి, అయి అంతగా పోవడంల్యా. అంగళ్లోళ్లు యేవి తిప్పి పంపిస్తాండారో అవే పోతాండాయి సార్. దొంగకు ఆ లెక్కంతా ఎట్ల తెలుస్తాది?”

రిటర్న్ పెట్టెలు మోసేది ఆయనే. ఏ సరుకు ఎక్కువగా తిరిగి వస్తుందో ఆయన భుజానికి తెలుసు.

ఈ మాట పట్టుకొని సూపర్‌వైజర్ మీరు చేసిందే చేశాడు. ఆ రాత్రి రిటర్న్‌లు ఎన్ని, తేడా ఎంత అని పక్కపక్కన పెట్టాడు. కుదరలేదు. అప్పుడు నాకు ఫోన్ చేశాడు. “ఏ రిటర్నూ రాని రాత్రి కూడా నాలుగు కుక్కర్లు తగ్గినాయన్నా, ఇంక ఫార్ములా మీద యాడ అనుమానపడేది?” అన్నాడు. ఆ రోజుల ఎంట్రీలు పంపించమన్నాను. కుక్కర్ ఒక్కదాన్నే తీసుకొని చూద్దాం.

సోమవారం రాత్రి ఎంచి, షీట్‌లో 120 కుక్కర్లని వేశారు. అసలూ అంతే ఉన్నాయి.

మంగళవారం కంపెనీ లోడ్‌లో 40 వచ్చాయి, పంపినవి 52. రాత్రి పన్నెండుకు ఇరవై నిమిషాలుందనగా వచ్చిన వ్యాన్‌లో 6 రిటర్న్‌లు ఉన్నాయి. గేటు దగ్గర వెంటనే Inwardలో మంగళవారం తేదీతో ఎక్కాయి. పెట్టె విప్పి, సీలు చూసి, రిటర్న్ స్లిప్పు రాసి Returnsలో ఎక్కించేసరికి రాత్రి ఒంటిగంట అయింది, అంటే అవి బుధవారం తేదీతో ఎక్కాయి. మంగళవారం షీట్‌లో ముగింపు 120, 46 కలిపి 52 తీసేస్తే 114. ర్యాక్‌లోనూ 114. రిటర్న్‌లు వచ్చిన రాత్రే తేడా లేదు!

బుధవారం 30 పంపారు, రాత్రి వ్యాన్‌లో 4 రిటర్న్‌లు వచ్చాయి. ర్యాక్‌లో ఉండాల్సింది 88. షీట్ మాత్రం గేటు దగ్గర ఎక్కిన 4తో పాటు, ముందురాత్రి సరుకుకు ఒంటిగంటకు వేసిన 6ను కూడా కలుపుకుంది. 114కు పది కలిపి 30 తీసేస్తే 94. తేడా 6, ఆ రాత్రి రిటర్న్‌లు 4. పొంతన లేదు.

గురువారం 20 పంపారు, రిటర్న్ ఒక్కటీ రాలేదు. ర్యాక్‌లో 68. షీట్‌లో మాత్రం బుధవారం రాత్రి వచ్చిన 4, అర్ధరాత్రి దాటాక Returnsలో పడ్డవి, గురువారం లెక్కలో చేరాయి. 94కు 4 కలిపి 20 తీసేస్తే 78. తేడా 6 నుంచి 10 అయింది. రిటర్న్ రాని రాత్రి నాలుగు కుక్కర్లు ‘పోయాయి’.

పగటి షిఫ్టులో అయితే గేటు ఎంట్రీ, స్లిప్పు ఎంట్రీ రెండూ ఒకే తేదీలో పడేవి, తేడా అదే రోజు పట్టుబడేది. రాత్రిపూట తేదీ మధ్యలో మారిపోతుంది కాబట్టి తప్పు ఒక రోజు ఆలస్యంగా బయటపడుతుంది. అందుకే ఏ రాత్రికి ఆ రాత్రి పోల్చకూడదు. చివరిసారి మొత్తం ఎంచిన రోజు నుంచి ఈరోజు దాకా ఒక్కో ఐటమ్‌కు వచ్చిన మొత్తం రిటర్న్‌లు ఒక కాలమ్‌లో, మొత్తం తేడా పక్క కాలమ్‌లో పెట్టాలి. పోల్చే రోజున, ముందురాత్రి రిటర్న్‌లన్నీ Returnsలో ఎక్కాకే పోల్చండి. ఎక్కాల్సినవి మిగిలి ఉంటే ఆ మేరకు రెండు కాలమ్‌లూ కలవవు.

అలా పెట్టగానే కుక్కర్లలో రిటర్న్ 10, తేడా 10. ఫ్యాన్లలో 14కు 14. గ్రైండర్లకు రిటర్న్ లేదు, తేడా లేదు. పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం. కానీ మిక్సీల్లో రిటర్న్‌లు 9, తేడా 7. ఇస్త్రీ పెట్టెల్లో రిటర్న్‌లు 5, తేడా 6. చాలామంది ఇక్కడే “దాదాపు సరిపోయింది కదా” అని ఆపేస్తారు. ఆపకూడదు. కలవని ఐటమ్‌ల దగ్గరే మీ నిర్ధారణ నిజమో కాదో తేలుతుంది.

Returns షీట్‌లో ప్రతి వరుస పక్కన, అదే స్లిప్పు నంబరు, అదే ఐటమ్ Inwardలో కూడా ఉందేమో వెతికే ఫార్ములా వేయించాను. రెండు షీట్లలోనూ స్లిప్పు నంబరు F కాలమ్‌లో ఉంది. గేటు దగ్గర ఖాళీగా వదిలి, స్లిప్పు రాశాక నింపేవాళ్లు:

```
=COUNTIFS(Inward!F:F,F2,Inward!B:B,B2)
```

1 వస్తే రెండు చోట్లా ఉన్నట్టు, అంటే రెండుసార్లు లెక్కకు వచ్చినట్టు. 0 వస్తే Returnsలో మాత్రమే ఉన్నట్టు. ఒకే స్లిప్పులో రెండు మూడు రకాల సరుకు ఉంటుంది కాబట్టి స్లిప్పు నంబరుతో పాటు ఐటమ్ కోడ్‌ను కూడా వెతకాలి. మిక్సీల్లో రెండు పెట్టెల దగ్గర 0 వచ్చింది. ఆరా తీస్తే, చంద్రగిరి అంగడాయన పగటిపూట స్కూటర్ మీద తానే తెచ్చి ఆఫీసులో ఇచ్చిపోయాడు. గేటు ఎంట్రీ లేదు, అందుకే అవి ఒక్కసారే లెక్కకు వచ్చాయి. మిగిలిన 7 రెండుసార్లు వచ్చాయి. తేడా 7 కావడానికి కారణం అదే.

ఇస్త్రీ పెట్టెల్లో ఐదూ రెండు చోట్లా ఉన్నాయి. తేడా మాత్రం 6. ఆ ఒక్కటి నిజంగానే లేదు. ఎంత వెతికినా దొరకలేదు కూడా. ఫార్ములా తప్పని తేలింది కదా అని దీన్ని కూడా అందులో కలిపేయొద్దని సూపర్‌వైజర్‌కు చెప్పాను. అసలు షార్టేజ్ ఒకటి, దాన్ని ఒకటిగానే రాయాలి.

మేనేజర్‌కు చెప్పడం ఇంకో పని. ఆయనకు SUMIFS గురించి చెబితే వినే ఓపిక లేదు. అందుకే షీట్‌కు ఒక కాపీ తీసి, అందులో లేని ఐటమ్ కోడ్ ఒకటి, TEST అని వేయమన్నాను. ఓపెనింగ్ సున్నా. Inwardలో RTN కింద ఒకటి, Returnsలో ఒకటి, రెండూ H1లో ఉన్న తేదీతోనే. మేనేజర్ ఎదుటే సూపర్‌వైజర్ అది చేసి చూపించాడు. ముగింపు నిల్వ 2 అని వచ్చింది.

“ఒక పెట్టె వస్తే రెండెట్లయితాయి?” అన్నాడు మేనేజర్.

“అదే సార్, ఇన్ని నెలల నుంచీ ప్రతి రిటర్న్ పెట్టెకూ ఇట్లనే అయితాంది.”

మీరూ ఇదే చేయండి. ఇంతకంటే మంచి రుజువు లేదు, రెండు నిమిషాల పని.

ఇక సరిచేయడం. రెండు దారులున్నాయి. మొదటి SUMIFSలో RTN వరుసలను వదిలేయమని ఇంకో షరతు, Inward!E:E,"<>RTN" అని చేర్చడం ఒకటి. చాలామంది దీన్నే చెబుతారు, నాకు ఇష్టం లేదు. గేటు దగ్గర ఎవరైనా RTN తర్వాత ఒక స్పేస్ కొట్టినా, RETURN అని పూర్తిగా రాసినా ఆ వరుస తప్పించుకొని మళ్లీ రెండుసార్లు లెక్కకు వస్తుంది. అదీ చప్పుడు లేకుండానే. అర్ధరాత్రి నిద్రమత్తులో చేసే ఎంట్రీ మీద అంత భారం పెట్టకూడదు.

రెండో దారి, ఫార్ములాలో నుంచి Returns భాగాన్ని పూర్తిగా తీసేయడం. లోపలికి వచ్చిన ప్రతిదీ గేటు దగ్గర ఎక్కుతున్నప్పుడు నిల్వ లెక్కకు ఆ ఒక్క షీట్ చాలు:

```
=B2+SUMIFS(Inward!D:D,Inward!B:B,A2,Inward!A:A,$H$1)
   -SUMIFS(Dispatch!D:D,Dispatch!B:B,A2,Dispatch!A:A,$H$1)
```

Returns షీట్‌ను పారేయొద్దు. ఏ అంగడికి క్రెడిట్ నోట్ ఇవ్వాలి, ఏది డ్యామేజ్, ఏది మళ్లీ అమ్మొచ్చు అన్నది అందులోనే ఉండాలి. డ్యామేజ్ సరుకును వేరే ర్యాక్‌కు మార్చినప్పుడు అమ్మే నిల్వలో నుంచి తగ్గించే ఎంట్రీ వేయాలి. ఈ దారిలో ఒక షరతు ఉంది. చంద్రగిరి స్కూటర్ మిక్సీల్లాంటివి కూడా గేటు ఎంట్రీ లేకుండా లోపలికి రాకూడదు, వస్తే ఈసారి నిల్వ తక్కువ చూపిస్తుంది. రేణిగుంటలో ఆఫీసు వైపు తలుపు నుంచి సరుకు తీసుకోవడం మాన్పించారు.

ఫార్ములా మార్చినంత మాత్రాన పాత తప్పు పోదు. B2లోకి వచ్చే నిన్నటి నిల్వ అప్పటికే ఉబ్బి ఉంటుంది. అందుకని మార్చిన రాత్రే లోడింగ్, అన్‌లోడింగ్ ఆపి, చివరి గేటు ఎంట్రీ నంబరు, చివరి డిస్పాచ్ చలాన్ నంబరు రాసిపెట్టుకొని మొత్తం ఎంచాలి. ఆ సంఖ్యే కొత్త ఓపెనింగ్. షార్టేజ్ అని మధ్యలో సర్దుబాటు ఎంట్రీలు వేసి ఉన్నవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. కొత్త ఫార్ములాను పాత నెలలకు పెట్టి మొదటి నుంచి తిరగేస్తే, లేని షార్టేజ్‌ను తీసేయడానికి వేసినవే ఆ సర్దుబాట్లు కాబట్టి ఇప్పుడు నిల్వ అసలుకంటే తక్కువకు పడిపోతుంది. తిరగేసేటప్పుడు వాటిని పక్కన పెట్టాలి.

కూలిలో పట్టుకున్న డబ్బు సంగతి సూపర్‌వైజరే పట్టుబట్టి తేల్చాడు. గేటు రూల్ మారిన నెల నుంచి ప్రతి నెలా షార్టేజ్ లిస్టు, Returns లిస్టు పక్కపక్కన పెట్టి, COUNTIFSలో 1 వచ్చిన ప్రతి పెట్టెనూ షార్టేజ్ నుంచి కొట్టేశాడు. మిగిలింది చాలా తక్కువ. మేనేజర్ మొదట “అయిపోయిన లెక్కలు తిరగదోడేది ఎందుకు?” అన్నాడు. వేతన చట్టం మాట, TEST మాట రెండూ ముందు పెట్టాక ఒప్పుకొని, పట్టుకున్న డబ్బు కూలితో కలిపి తిరిగి ఇచ్చారు. మీ దగ్గర కూడా కోతలు జరిగి ఉంటే పాత గేటు ఎంట్రీలను, రిటర్న్ స్లిప్పులను ఇప్పుడే భద్రపరచండి. అవి లేకపోతే ఆ నెలల లెక్క ఎవరూ తేల్చలేరు.

మీ ఆఫీసులో టాలీ వాడుతుంటే అకౌంటెంట్‌ను కూడా ఒక మాట అడగండి. రిటర్న్ రాగానే Rejections In వోచర్ వేసి, తర్వాత ట్రాకింగ్ నంబరుతో ముడిపెట్టకుండా క్రెడిట్ నోట్ వేస్తే అక్కడా అదే సరుకు రెండుసార్లు నిల్వలో చేరుతుంది. అప్పుడు టాలీ, ఎక్సెల్ రెండూ ఒకే తప్పు చెబుతాయి, రెండూ కలిశాయి కాబట్టి లెక్క సరైనదేనని ఆఫీసులో అనుకుంటారు.

రేపు మీరు పోల్చినప్పుడు, ఒక్క రిటర్న్ కూడా రాని ఐటమ్‌లలో సైతం తేడా కనపడితే, మీ దగ్గర జరుగుతున్నది ఇది కాదు. అప్పుడు డిస్పాచ్ చలాన్‌లు తీయండి. వ్యాన్ ఎక్కిన సరుకు చలాన్‌లో పడలేదా, లేక పడినా షీట్‌లో ఎక్కలేదా అని చూడండి. రెండు రకాల తేడాలూ కలిసి ఉంటే ముందు COUNTIFSలో 1 వచ్చిన పెట్టెలన్నీ తీసేసి, మిగిలిన తేడాను మాత్రమే చలాన్‌ల దగ్గర వెతకండి.